చీటీ మీద సైజు

మా అక్క పాత బట్టల సంతలో మూటలు తిరగేసి, కుట్టు చెడనివి ఏరుకొచ్చేది. ఉతికి, ఇస్త్రీ చేసి, కిటికీ వెలుగులో ఫొటోలు తీసి తన ఆన్‌లైన్ పేజీలో పెట్టి అమ్మేది.

ఒకసారి ఓ టీచరమ్మ, కొన్న కోటు భుజాల దగ్గర పట్టేస్తోందని మెసేజ్ పెట్టింది.

"చీటీ మీద మీడియం అనే ఉంది కదండీ," అంది అక్క.

"నేను వేసుకునేది చీటీని కాదు కదండీ."

అక్కకు నాన్న గుర్తొచ్చాడు. ఆయన దర్జీ. చిన్నప్పుడు అక్క ఆయన బల్ల కింద గుడ్డముక్కలు ఏరుకునేది. ఎవరైనా తమ సైజు చెబితే, "అలాగే తల్లీ, ఓసారి చేతులు చాపు," అంటూ నాన్న టేపు తీసేవాడు.

అక్క కోటు వాపసు తీసుకుంది. అప్పటినుంచి ప్రతి బట్టనూ బల్లమీద పరిచి, టేపు పెట్టి ఫొటో తీసి, కొలతలు రాసేది. మరకలుంటే అవీ చూపించేది. కింద ఇలా రాసేది: "రాసిన కొలత తప్పితే మూడు రోజుల్లో చెప్పండి, వాపసు ఖర్చు నాదే. కొలత సరిగ్గా ఉంటే వాపసు లేదు."

టీచరమ్మ తనకు సరిపోయే పాత కోటు కొలుచుకుని, ఆ కొలతలు చూసి అక్క దగ్గర ఇంకో కోటు కొన్నది. "ఇది సరిగ్గా సరిపోయింది. కొలవడం ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగింది.

అక్క ఆ సాయంత్రం ఆమెకు నాన్న గురించి చాలాసేపు రాసింది.