మగ్గం గుంటలో ఇసుక ఈగలు

బట్టను వేలితో తడిమి అంగుళానికి ఎన్ని పోగులో చెప్పగలవాణ్ణి గద్వాలలో నేనొక్కణ్ణేనని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టినా తప్పుతాను.

మా ఇంట్లో మిగిలింది ఒక్క గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దింపి నేయాలి. నా మోకాళ్లు మొరాయించాక కోడలే నేస్తోంది. ఈ ఏడు వానలు పడ్డాక, పొద్దు వాలే వేళకు ఆమె పిక్కల నిండా ఎర్రటి దద్దుర్లు. చప్పుడుండదు, మంట పుట్టాకే కుట్టిందని తెలుస్తుంది. గోక్కోబోతే మగ్గాన్ని కాళ్లతో తొక్కే లయ తప్పి పోగు తెగుతుంది.

"మామా, ఇంకో వారం సూస్త. గిట్లనే ఉంటే మగ్గం ఇప్పేసి కుట్టుమిషన్ పెట్టుకుంట," అంది.

బజారుకు పోయి దోమల జాలి తెచ్చి కిటికీకి కొట్టించాను. "ఇగ చీమ గూడ రాదు బిడ్డా" అన్నాను. ఆ సాయంత్రమే జాలి మీద పురుగొకటి వాలింది. ఆవగింజంత ఉంది, రెక్కలు పైకి నిలబెట్టుకుని. మేం చూస్తుండగానే జాలి కన్నంలోంచి దూరి లోపలికొచ్చింది.

"చీమ రాలే మామా. దాని మేనల్లుడొచ్చిండు," అంది.

పరువు దక్కాలని నేను నేసిన పాత పంచెను కిటికీకి బిగించాను. అందులో గాలి కూడా దూరదు. గది ఉడికిపోయింది, కుట్టడం ఆగలేదు.

వీధికి వచ్చే ఆశా కార్యకర్త గుంటలోకి ఫోన్ లైటు కొట్టింది. గోడల బీటల్లో బోలెడు.

"ఇసుక ఈగలు తాతా. నువ్వు కిటికీ మూసినవ్, ఇవి ఇంట్లనే కాపురమున్నయ్. తడి మన్నూ చెత్తా ఉంటే ఆడనే గుడ్లు పెడ్తయ్. గింత తడి యాడికెల్లి వస్తుంది?"

"భూమి ఊట" అన్నాను. ఆ ఊట కృష్ణదాకా పోతుందని కూడా చెప్పాను.

ఆమె చెప్పినట్టు గుంటలోని నూలు దూదంతా ఊడ్చి, బీటలు సిమెంటుతో మూయించాం. వాటికి ఎదురుగాలిలో ఎగిరే బలం లేదంటే, కాళ్ల దగ్గర చిన్న ఫ్యాన్ పెట్టాం. రెండు రోజులు గోకుడు తగ్గింది. మూడోనాడు పొద్దున్నే కోడలు లేచి వచ్చేసరికి నేను చెంబుతో గుంట పక్కన నిలబడి ఉన్నాను.

రోజూ గుంటలో రెండు చెంబుల నీళ్లు పోసేవాణ్ణి. గుంట చెమ్మగా ఉంటే పోగు మెత్తబడి తెగదని మా నాయన నేర్పాడు. ఆమెకు సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

కోడలు చెంబు తీసుకుంది. "కృష్ణ ఈడనే పుట్టిందా మామా?"

గుంట ఎండింది. దద్దుర్లు మానాయి. కుట్టుమిషన్ మాట మళ్లీ రాలేదు. ఆరిన పోగులు మాత్రం రోజుకు నాలుగైదు తెగుతున్నాయి. కళ్లజోడు పెట్టుకుని ముడులు నేనే వేస్తున్నాను.

పదైనా ఒక్క నిమిషంలో వేస్తాను. సరే, రెండే.