రాసిన ఏడాది, అచ్చయిన ఏడాది

ఆ యూనివర్సిటీ లైబ్రరీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు. మిగతా అందరికీ ఆమె సంవత్సరాలమ్మ. మొదట్లో చాటుగా అనుకునేవాళ్లు, తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు. ఆమె కూడా సరేలే అని ఊరుకుంది. ఇరవై ఆరేళ్లుగా ఆమె చేసే పని ఒక్కటే. పీహెచ్‌డీ వాళ్లు థీసిస్ బైండింగుకి ఇచ్చేముందు, చివర్లో ఉండే గ్రంథసూచి ఆమె బల్ల మీదికి రావాలి. ఏ పుస్తకం ఎవరిది, ఎప్పటిది, ఎవరు అచ్చు వేశారు అని లైను లైనూ చూసి ఆమె సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే పై ఆఫీసులో ఆ థీసిస్ మొహం కూడా చూడరు.

కొత్త పుస్తకాలతో ఆమెకు పేచీ లేదు. పాత క్లాసిక్కుల దగ్గరే పిల్లలు బోల్తా కొడతారు. చేతికి దొరికిన రీప్రింటు మీద ఏ ఏడాది ఉంటే ఆ ఏడాది రాసేసి చేతులు దులుపుకుంటారు. అలాంటి లిస్టు కనబడితే ఆమె కళ్లజోడు పైకి తోసుకుని, "ఈయన పోయి నూట ముప్పై ఏళ్లయింది. మీ లెక్క ప్రకారం మొన్న మొన్ననే పుస్తకం రాశాడు. ఎక్కడ కూర్చుని రాశాడో కనుక్కుని రండి" అంటుంది. లైనులో నిలబడ్డవాళ్లు నవ్వుతారు, తమ వంతు వచ్చేదాకా.

నవ్వులు అయ్యాక ఓపిగ్గా చెబుతుంది. నీ చేతిలో ఉన్న పుస్తకం ఏ ఏడాది అచ్చయిందో అది రచయిత పేరు పక్కన, బ్రాకెట్లో. తర్వాత పుస్తకం పేరు. దాని వెనకే అనువాదకుడి పేరు. ఆ తర్వాత ప్రచురణ సంస్థ. మూల రచన మొట్టమొదట వెలువడిన ఏడాది చిట్టచివర, ఇంకో బ్రాకెట్లో. థీసిస్ లోపల ఆ పుస్తకం ప్రస్తావన వచ్చినచోట మాత్రం రెండు సంవత్సరాలూ పక్కపక్కనే, పాతది ముందు, కొత్తది వెనక, మధ్యలో ఏటవాలు గీత. "నువ్వు చూసిన పుస్తకానికీ మర్యాద దక్కాలి, అది పుట్టిన రోజుకీ దక్కాలి" అనేది. ఇంట్లో భర్త, రిటైరైన బస్సు కండక్టరు, వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకునేవాడు: "మా ఆవిడకి మా పెళ్లి ఏ ఏడాది అయ్యిందో నేనే చెప్పాలి. ఎవరి నవల ఎన్నో ముద్రణో మాత్రం నిద్రలో అడిగినా చెబుతుంది."

ఓ సోమవారం పొద్దున ఒక లెక్చరరు వచ్చాడు. నలభై ఐదు దాటిన మనిషి, పాఠాలు చెప్పుకుంటూనే తొమ్మిదేళ్లుగా థీసిస్ రాస్తున్నాడు. శుక్రవారం ఆఖరు గడువు. ఉప్పు గనుల్లో బతికే ఒక కుటుంబం మీద వచ్చిన పరాయి భాషా నవల ఆయన విషయం. లిస్టులో రచయిత పేరు, పక్కన 2004, పుస్తకం పేరు, ప్రచురణ సంస్థ ఉన్నాయి. అంతే.

"అనువాదం ఎవరు చేశారు సార్?" అంది సంవత్సరాలమ్మ.

"పుస్తకంలో లేదు మేడం. అట్ట మీదా లేదు, లోపలా లేదు. ముందుమాట కూడా లేదు. ఎంత వెతికినా దొరకలేదు."

"నాలుగు వందల పేజీల పుస్తకం దానంతటదే మన భాషలోకి నడిచొచ్చిందా?"

లెక్చరరు తల దించుకున్నాడు. పేరు తెలియకపోతే లేకుండానే రాయొచ్చు, రూలు ఒప్పుకుంటుంది. కానీ ఆయన మూడో అధ్యాయమంతా ఆ అనువాదం మీదే. ఎవరు చేశారో తెలియని పనిని యాభై పేజీలు మెచ్చుకున్నాడు. సంవత్సరాలమ్మకు అది మింగుడుపడలేదు. పాత కార్డుల సొరుగులు కింది గదిలో పడి ఉన్నాయి. కంప్యూటర్లు వచ్చాక వాటి మొహం చూసినవాళ్లు లేరు. మధ్యాహ్నం అన్నం తినకుండా వెళ్లి వెతికితే రచయిత పేరు కింద ఒక కార్డు దొరికింది. పసుపు పచ్చబడిన అట్టముక్క మీద ఎవరో గుండ్రటి చేతిరాతతో రాశారు: అనువాదం తొలి ముద్రణ 1961, మూలం 1868 (ముందుమాటను బట్టి). వాటి పైన ఒక స్త్రీ పేరు. పుస్తకం మాత్రం ఎప్పుడో పోయిందని ఎర్ర సిరాతో ముద్ర.

ఆ పేరు చూసి లెక్చరరు కార్డు చేతిలోకి తీసుకున్నాడు. "మేడం, ఈవిడ మా స్కూల్లో టీచరు. నాకు ఆరో తరగతిలో లెక్కలు చెప్పారు. ఇప్పటికీ పాత బస్టాండు వెనక ఉంటారు."

మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్లారు. మేడ మీద రెండు గదులు. తలుపు తీసినావిడకు ఎనభై ఆరేళ్లు, చూపు సగం పోయింది, నడుం మాత్రం నిటారుగా ఉంది. లెక్చరరు తను ఫలానా అని చెప్పుకుంటే, "భిన్నాలు రాక ఏడ్చేవాడివి" అని గుర్తుపట్టింది. వచ్చిన పని వినగానే లోపలికెళ్లి ఒక రేకుపెట్టె తెచ్చింది. అందులో 1961 నాటి ప్రతి ఉంది. లోపలి పేజీలో రచయిత పేరు కింద, చిన్న అక్షరాల్లో, ఆవిడ పేరు. పుస్తకం కింద పదకొండు నోటుపుస్తకాలు. ఆ భాష నేర్పేవాళ్లు ఊళ్లో లేరట. ఒక నిఘంటువు, ఒక వ్యాకరణం తెప్పించుకుని, పొద్దున్నే స్కూలుకి వెళ్లేముందు గంట చొప్పున నాలుగేళ్లు కూర్చుందట. మొదలుపెట్టినప్పుడు ఆవిడకి ఇరవై ఏళ్లు.

సంవత్సరాలమ్మ ఒక నోటుపుస్తకం తెరిచింది. ఒక్కో వాక్యానికి మూడు, నాలుగు, ఒకచోట ఏడు ప్రయత్నాలున్నాయి. ఉప్పు పొరలో దీపం వెలుగు పడటం గురించి ఒక వాక్యం. కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేసి, పక్కన చిన్నగా 'రేపు' అని రాసుకుంది పెద్దావిడ. ఇన్నేళ్లూ సంవత్సరాలమ్మ బ్రాకెట్లు సరిచేసింది. ఆ బ్రాకెట్లో ఇంత మనిషి పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. నోటుపుస్తకాన్ని రెండు చేతులతో మూసి, పిల్లను పడుకోబెట్టినట్టు పెట్టెలో పెట్టింది.

"అమ్మా, మీ పేరు తీసేసి మళ్లీ అచ్చేశారు కదా. మీరు అడగలేదా?" అంది.

"అడగలేదు."

"ఎందుకని?"

పెద్దావిడ పెట్టె మీద చెయ్యి వేసింది. "లిస్టులో ఏం రాస్తారో చదువమ్మా, వింటాను" అంది.

సంవత్సరాలమ్మ సంచిలోంచి కాయితం తీసింది. లెక్చరరు వాక్యాలు తీసుకున్నది 2004 ప్రతిలోంచి కాబట్టి అది ఎలాగూ లిస్టులో ఉండాలి. అందులో అనువాదకురాలి పేరు అచ్చు కాలేదు కాబట్టి, పేరు బయటి ఆధారంతో చేర్చామని తెలిసేలా చదరపు బ్రాకెట్లో పెట్టాలి. 1961 ప్రతిని ఈరోజు కళ్లారా చూశారు, అందులోని ముందుమాట వాడుకుంటారు కాబట్టి అది ఇంకో లైను. ఏడాది ముందుది కాబట్టి అదే పైన. అలా వివరించి మొదటి లైను నెమ్మదిగా చదివింది. రచయిత పేరు, 1961, పుస్తకం పేరు, అనువాదం ఫలానా, ప్రచురణ సంస్థ, మూల రచన తొలి ప్రచురణ 1868.

"ఆ చివరిది తప్పు," అంది పెద్దావిడ.

ఆవిడ పెట్టె అడుగు నుంచి ఇంకో పుస్తకం తీసింది. అట్ట ఊడిపోయింది, దారంతో కట్టి ఉంది. తను అనువాదం చేసుకున్న మూల ప్రతి అది. లోపలి పేజీలో 1868 అని స్పష్టంగా ఉంది. ఆవిడ వేలితో తడుముకుంటూ ఆకు తిప్పింది. వెనక వైపు, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో రెండు వరుసలు. మొదటి ముద్రణ 1866. రెండవ ముద్రణ 1868.

"ముందుమాట రాసేటప్పుడు పైన కనబడిన అంకె వేసేశాను. అచ్చయి వచ్చాక ఓ రోజు ఆకు తిప్పితే ఇది కనబడింది. ప్రెస్సుకి ఉత్తరం రాస్తే ఇంకో ముద్రణ వేస్తే చూద్దాం అన్నారు. వెయ్యలేదు. ఇక అందరూ నా ముందుమాట చూసే రాసుకుంటూ పోయారు. ఆయన పుస్తకానికి నేనే రెండేళ్లు వయసు తగ్గించాను. ఎవరైనా వచ్చి అడిగితే చెబుదామని చూశాను, ఎవరూ అడగలేదు." పుస్తకం మూసింది. "నా పేరు లేకుండా వేశారని ఎవరో వచ్చి చెప్పినప్పుడు బాధపడలేదని ఎలా అంటాను? పడ్డాను. కానీ ముందుమాట కూడా తీసేశారని తెలిసి, పోనీలే, నాతోపాటు నా తప్పు కూడా పోయింది అనుకున్నాను. అందుకే అడగలేదు. ఇప్పుడు నన్ను మళ్లీ ఎక్కిస్తానంటున్నారు. దాన్ని మాత్రం ఎక్కించకండి."

లెక్చరరు కళ్లు తుడుచుకున్నాడు. సంవత్సరాలమ్మకు ఏడుపు రాలేదు. ఎదురుగా ఉన్నావిడ తన కంటే ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది, వయసులో కాదు. తన పేరు పోయిందని తెలిసి కూడా ఇంకొకరి ఏడాది గురించి ఇన్నేళ్లు కుమిలిన మనిషి. అలాంటి మనిషి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నందుకే ఆమెకు భయం లాంటి గౌరవం కలిగింది. లేచి నిలబడి, కాయితం గోడకు ఆనించి, 1868 కొట్టేసి 1866 అని రాసింది. కింది లైనులోనూ అదే మార్చింది. మళ్లీ రెండూ చదివి వినిపించింది.

"ఇంకోసారి," అంది పెద్దావిడ. తన పేరు వచ్చినచోట ఆవిడ ముఖం మారలేదు. చివరి అంకె దగ్గర కళ్లు మూసుకుంది.

బుధవారం ఉదయం సంవత్సరాలమ్మ లెక్చరరు కాయితాల మీద సంతకం పెట్టింది. తర్వాత పాత థీసిసులున్న బీరువా దగ్గరికెళ్లింది. నాలుగేళ్ల కిందట ఒక అమ్మాయి ఇదే నవలకు 1866 అని రాసి తెచ్చింది. ఇంటర్నెట్లో కొన్నిచోట్ల అదీ ఉంది మేడం అని గొణిగింది. పాత థీసిసుల కంటే ఇంటర్నెట్టు గొప్పదా అని, అనువాదకురాలి పేరు లేకుండా ఏడాది మాత్రమే వేసిన పాత లిస్టుల్లోని అంకె తనే చూపించి, ఎర్ర సిరాతో కొట్టేసి 1868 వేయించింది. లైనులో అందరూ నవ్వారు కూడా. రికార్డులో ఆ అమ్మాయి ఫోను నంబరు దొరికింది. ఇప్పుడు ఎక్కడో కాలేజీలో పాఠాలు చెబుతోందట.

"ఎవరూ?" అంది అవతలి గొంతు.

"నేనమ్మా, లైబ్రరీలో సంవత్సరాలమ్మని. ఆ ఉప్పు గనుల నవలకి నువ్వు రాసిందే కరెక్టు. నేను కొట్టేసింది తప్పు. నీ థీసిస్‌లో సవరణ చీటీ అతికిస్తున్నాను, నా సంతకంతో."

అమ్మాయి మెల్లగా, "ఇప్పుడెలా తెలిసింది మేడం?" అని అడిగింది.

"అనువాదం చేసినావిడే చెప్పారు. ఎవరైనా వచ్చి అడుగుతారని అరవై ఏళ్ల పైన చూశారట తల్లీ. మేమెవరమూ వెళ్లలేదు."