బాధితురాలి వృత్తి: పేర్కొనలేదు

దొంగతనాల వార్తలనూ కొట్లాటల వార్తలనూ స్కేలు పెట్టి కొలుస్తూ మార్కాపురంలో మూడేళ్లు గడిపాను. పొద్దున డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పడం, సాయంత్రం పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ పని. మార్కాపురం, గిద్దలూరు వైపు జరిగే నేరాలను జిల్లా పేజీలు ఎలా రాస్తాయన్నది నా అంశం. గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టలు ముందేసుకుని కూర్చుంటే, పక్కన పేపరు చదువుకునే పెద్దాయన ఒకరు రోజూ తొంగిచూసేవారు. "ఏంది తల్లీ, మనోళ్ల కేసేమన్నా ఉందా?" అని ఒకరోజు అడగనే అడిగారు. మనోళ్లదని లేదు, ఎవరిదైనా పరవాలేదన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి కుర్చీ కాస్త దూరంగా జరుపుకున్నారు.

నిజానికి అన్ని రోజుల పేపర్లూ అక్కర్లేదు. వరుసగా ఒకే వారం తీసుకుంటే ఆ వారంలో జరిగిన పెద్ద హత్య ఒక్కటే పేజీలన్నీ మింగేస్తుంది. అందుకని ఒక నెలలో సోమవారం, మరో నెలలో మంగళవారం, ఇలా చీటీలు తీసి వారాలను అతికించాను. ఒక శీర్షిక కింద ఎంత ఉంటే అంత ఒక వార్త. ప్రతి వార్తకూ ఒక కాగితం. ఆ కాగితం మీద గళ్లు: నేరం ఏ రకం, ఎక్కడ జరిగింది, వివరాలు ఎవరు చెప్పారు, వార్త పొడవెంత, బాధితులు ఆడా మగా, వాళ్ల వృత్తి ఏమిటి. ఒక్కో గడిలో మాట రాయకూడదు, అంకె వేయాలి. వృత్తి గడిలో వ్యవసాయానికి 1, కూలికి 2, పశుపోషణకు 3, అలా సాగి చివర "పేర్కొనలేదు" అంటే 99. ఏ అంకె ఎప్పుడు వేయాలో చెప్పే నియమాల పుస్తకం నేనే రాశాను. దాని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "కాగితం మీద ఉన్నదే రాయాలి, మనకు తెలిసింది కాదు" అని రాసి, ఎర్ర సిరాతో గీత కొట్టి మురిసిపోయాను.

ఈ పద్ధతిలో ఒక ఇరకాటం ఉంది. అంకెలన్నీ నేనే వేస్తే, నా కళ్లకు కనిపించిందే లోకమని ఎవరైనా అనగలరు. కాబట్టి రెండో మనిషి కావాలి. అదే నియమాల పుస్తకం పట్టుకుని, నన్ను చూడకుండా, అవే వార్తలకు విడిగా అంకెలు వేయాలి. ఇద్దరివీ కలిస్తేనే ఆ గడి నిలుస్తుంది. మా కాలేజీలో డిగ్రీ ముగించి ఎం.ఏ. చదువుతున్న అమ్మాయి ఒకతె ఒప్పుకుంది. హనుమంతునిపాడు మండలంలో గొర్రెలు కాచే కుటుంబం వాళ్లది. మాట తక్కువ, చూపు ఎక్కువ. నాలుగు రోజులు కూర్చోబెట్టి నేర్పి, ఒక కట్ట వార్తలు ఆమెకిచ్చి, అదే కట్ట నేనూ తీసుకున్నాను.

నా పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్‌కు అప్పుడు నడుస్తున్నదే చివరి పొడిగింపు. అది దాటితే మూడేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే. అందులోనూ నేను ప్రాణం పెట్టుకున్నది వృత్తి గడి మీదే. దెబ్బ తిన్నవాళ్లను పేపరు ఏ పనివాళ్లుగా గుర్తిస్తుందన్న ప్రశ్న చుట్టూ ఒక అధ్యాయమంతా కట్టుకున్నాను.

రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి చూశాం. మిగతా గళ్లు బాగానే కలిశాయి. వృత్తి గడి కూడా పైపైన చూస్తే ఎక్కువ చోట్ల కలిసినట్టే ఉంది. కానీ ఇద్దరు పిల్లలు ప్రశ్న చదవకుండా అన్నింటికీ "తెలియదు" అని రాసినా జవాబులు కలుస్తాయి కదా. ఆ ఉత్తుత్తి కలయికను తీసేసి అసలు ఎంత కలిసిందో చెప్పే లెక్క ఒకటుంది, కప్పా అంటారు. మా ఇద్దరి కాగితాల నిండా 99లే. అందుకే కప్పా వేసేసరికి వృత్తి గడి కుప్పకూలింది.

నాకు కోపం వచ్చింది. నా కోపం ఎలాంటిదో మా ఇంట్లో వాళ్లకు తెలుసు. రాగానే ఎదుటివాళ్ల తప్పు వెతుకుతుంది. వెతికితే దొరికింది కూడా. నాలుగు వాక్యాల చిన్న వార్త ఒకటి. "ద్విచక్ర వాహనంపై వచ్చిన ఇద్దరు గుర్తుతెలియని వ్యక్తులు, పొలం నుంచి ఇంటికి వస్తున్న వృద్ధురాలి మెడలోని గొలుసు లాక్కొని పరారయ్యారు." మిగతా మూడు వాక్యాలూ పోలీసుల గురించే. దానికి నేను 99 వేశాను. ఆమె 3 వేసింది.

"పశుపోషణ ఎక్కడుంది ఇందులో? వేలు పెట్టి చూపించు" అన్నాను, గ్రంథాలయంలో ఉన్నామని కూడా మరిచిపోయి.

ఆమె కాగితం వంక చూసింది. "లేదు మేడమ్."

"మరి ఎందుకు వేశావు?"

"ఆమె మాయమ్మ మేడమ్. మాకు గొర్రెలే."

పెద్దాయన పేపరు తిప్పడం ఆపారు. అమ్మకు దెబ్బ తగిలిందా, గొలుసు దొరికిందా అని అడగాల్సింది పోయి, "ఆ వార్త నువ్వు ముట్టుకోకూడదు, ముందే చెప్పాల్సింది" అన్నాను. నియమం ప్రకారం అది నిజమే. కానీ అన్న వెంటనే సిగ్గేసింది.

"మెడకాడ కోసుకుపోయింది, మానిపోయిందిలే" అంది ఆమె, నేను అడగకుండానే. "ముసల్దాన్ని చేసినారని మాయమ్మకు గొలుసు కంటే అదే బాధ. యాభై కూడా లేవు."

ఆ మర్నాడు మా గైడుగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "అమ్మా, కలవని గడిని తీసేయడం తప్పేం కాదండి. అందరూ చేసేదే. తీసేశామని ఒక వాక్యం రాయండి. మిగతావాటితో గడువులోపు ఇచ్చేయొచ్చు" అన్నారు. నెత్తిన పాలు పోసినట్టయింది. అధ్యాయం పోతే పోయింది, పట్టా వస్తుంది. వృత్తి గడి కొట్టేస్తున్నానని ఆ అమ్మాయికి చెప్పాను.

ఆమె "మీ కట్ట ఒకసారి చూడొచ్చా మేడమ్?" అని అడిగి, నా కాగితాలు బల్ల మీద పరిచి, రెండు బయటికి తీసింది. ఒకటి దొనకొండ వైపు వార్త, పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్తున్న వ్యక్తిపై దాడి. రెండోది గిద్దలూరు వైపుది, పొలంలో కలుపు తీస్తున్న మహిళ గొలుసు చోరీ. ఎక్కడా రైతు అన్న మాట లేదు, కూలి అన్న మాటా లేదు.

"మగాయన పొలానికి పోతా ఉంటే మీరు 1 వేసినారు. ఆడామె పొలంలోనే ఉంటే 99 వేసినారు" అంది నెమ్మదిగా. "నేను ఇద్దరికీ పనిని బట్టే వేసినాను. మాయమ్మ వార్త ఒక్కటే నా తప్పు."

ఇంకో నాలుగు తీసింది. ఇంకో మూడు. ప్రతిచోటా అదే కథ. నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. గిద్దలూరులో మా నాయనమ్మ, మా అమ్మ చేలోనే సగం బతుకు గడిపారు. వాళ్లను చూస్తూ పెరిగినదాన్ని. మొదటి పేజీలో ఎర్ర గీత కొట్టినదాన్ని. అయినా కాగితం మీద ఉన్న పని మగవాడికైతే వృత్తిగా కనిపించింది, ఆడమనిషికైతే అసలు కనిపించలేదు. పేపర్ల చూపు కొలవడానికి బయల్దేరి నా చూపు కొలతకు దొరికిపోయాను. సిగ్గుతో పాటు, దాచుకోవడమెందుకు, పరమ ఆసక్తి కూడా పుట్టింది. ఇంతకన్నా మంచి విషయం ఆ మూడేళ్లలో నాకు దొరకలేదు.

ఇక గడి తీసేయడానికి మనసొప్పలేదు. గైడుగారు గడువు గుర్తుచేసి, చివరికి "మీ ఇష్టమమ్మా" అన్నారు. నియమాల పుస్తకం విప్పి, ఆ ఒక్క గడిని రెండు చేశాం. మొదటిది, రైతు, కూలి, టీచరు అని పేపరు పేరు పెట్టి చెప్పిన వృత్తి. రెండోది, ఆ సమయానికి మనిషి ఏ పనిలో ఉన్నట్టు వార్త చెబుతోంది అన్నది. పొలానికి వెళ్లడం, పొలం నుంచి రావడం వ్యవసాయ పని కిందికే వస్తుందని, ఆడా మగా తేడా లేదని ఉదాహరణలతో రాశాం. పాత కట్ట మీద ఇంత చర్చించుకున్నాక దాన్నే మళ్లీ చేస్తే కలవక ఏమవుతుంది? అది పరీక్ష కాదు. కొత్త చీటీలు తీసి, కొత్త కట్టతో, ఆమె దోర్నాలలో వాళ్ల పిన్నమ్మ ఇంట, నేను మార్కాపురంలో విడివిడిగా కూర్చుని మళ్లీ అంకెలు వేశాం. వాళ్లమ్మ వార్తను ఆ పరీక్షలోంచి తప్పించాను.

రెండు గళ్లూ నిలిచాయి. ఆ తర్వాత మొత్తం వార్తలన్నీ కొత్త నియమాలతో నేను మొదటి నుంచి చేశాను. మగవాళ్లకు మొదటి గడీ రెండో గడీ కూడా నిండుతూ వచ్చాయి. ఆడవాళ్లకు మొదటిది ఖాళీగా ఉండి, రెండోది నిండుతూ వచ్చింది. పని ఉంది, పేరు లేదు. గడువుకు తొమ్మిది రోజుల ముందు సిద్ధాంత గ్రంథం ముద్రణకు సిద్ధమైంది.

అది చూపించి రావాలనిపించి ఆ అమ్మాయితో వాళ్ల ఊరికి వెళ్లాను. వాళ్లమ్మ దొడ్డిలో గొర్రెపిల్లలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపుతోంది. పిల్లను మోకాళ్ల మధ్య ఇరికించి, దవడ పట్టి, ఒక్క చుక్క ఒలకకుండా పోస్తోంది. మెడ మీద సన్నటి మచ్చ కనిపించింది.

"నన్ను ఏమని రాసినావమ్మా?" అని అడిగింది.

"పేపర్లో మీ పని పేరు చెప్పలేదక్కా. కాబట్టి ఒక గడిలో పేర్కొనలేదని రాశాను. పొలం నుంచి వస్తున్నారని ఉంది కాబట్టి రెండో గడిలో వ్యవసాయ పని అని."

చేతిలోని పిల్లను వదిలేసింది. "వ్యవసాయమా? మాకు సెంటు చేను లేదు కదమ్మా! మందను తోలుకొని వస్తా ఉంటి. బండి ఆపి పొట్టేలు ఎంతకిస్తావని అడిగినారు. నేను బేరం చెప్తా ఉంటే గొలుసు తెంపినారు. రోడ్డుకడ్డంగా అన్ని గొర్రెలుంటే ఒక్కటీ కనపడలేదా రాసినాయనకు?"

మాకు గొర్రెలే అని కూతురు చెప్పిన మాట నాకు తెలుసు. తెలిసీ, నా చేత్తోనే వ్యవసాయమని అంకె వేశాను. నియమం ప్రకారం అది సరైన అంకె.

కూతురే చెప్పింది. "మార్చగూడదుమా. పేపర్లో ఏముంటే అదే రాయాల."

వాళ్లమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆ పేపరాయన వచ్చి నన్ను అడగలా. మీరూ అడగకుండానే ఇంత పుస్తకం రాసినారా?" అంది. తర్వాత ఇంకో గొర్రెపిల్లను దగ్గరికి లాక్కుని, దవడ పట్టి మందు పోసింది.