వాపసుల అక్కయ్య, మూడుసార్లు తిరిగొచ్చిన బకాయి

ఆస్పత్రి సెల్లారులో, బట్టలుతికే యంత్రాల గదికీ విరిగిన మంచాలు పడేసే గదికీ నడుమ చెల్లింపుల విభాగం ఉంది. అందులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న గుమాస్తాను అందరూ వాపసుల అక్కయ్య అంటారు. డబ్బు పంపడానికి వేరేవాళ్లున్నారు. పంపిన డబ్బు అవతలి బ్యాంకు గడప తాకి వెనక్కొస్తే మాత్రం అది ఈమె నెత్తిన పడుతుంది.

వెనక్కొచ్చే ప్రతి చెల్లింపూ ఒక కోడ్ మోసుకొస్తుంది. రెండు అక్షరాలు, రెండు అంకెలు. ఏసీ 01 అంటే ఖాతా నంబరు తప్పు. ఏసీ 04 అంటే ఖాతా మూసేశారు. ఏసీ 06 అంటే ఖాతా ఉంది గానీ స్తంభింపజేశారు. కొత్తగా చేరినవాళ్లకు అక్కయ్య దీన్ని తన పద్ధతిలో చెబుతుంది: "మొదటిదానికి ఇల్లే తప్పు. రెండోదానికి ఇల్లు ఖాళీ. మూడోదానికి మనుషులు లోపలే ఉన్నారు, తాళం మాత్రం బయట ఉంది. మూడిళ్లకీ ఒకే ఉత్తరం రాస్తే మీకంటే పోస్టుమ్యాన్ నయం."

ఎమ్‌డీ 07 అంటే ఖాతాదారు చనిపోయినట్టు. ఆ కోడ్ వచ్చిన రోజు ఆమె ముందు టీ తాగి, గొంతు సవరించుకుని, అప్పుడు ఫోను చేస్తుంది. ఒకసారి అలా పరామర్శకు చేస్తే పోయినాయనే ఎత్తాడు. వాళ్ల బ్యాంకులో ఎవరో ఒక గడిలో తప్పు గుర్తు పెట్టి మనిషిని పైకి పంపేశారు. "బతికే ఉన్నానమ్మా, రుజువు కావాలా?" అని ఆయన లబోదిబోమంటే, "నాకొద్దండీ, మీ గొంతు చాలు. బ్యాంకుకి మాత్రం కాగితం కావాలి. వాళ్లు గొంతులు నమ్మరు" అంది.

ఇంట్లోనూ ఇదే వరస. అత్తగారు కూర గిన్నె పక్కకు నెట్టేస్తే, "కారణం చెప్పండత్తయ్యా. చెప్పకుండా తిప్పి పంపితే రేపూ ఇదే వండుతాను" అంటుంది. ఆ అత్తగారి కంటి ఆపరేషన్ కోసమే ఆమె పది రోజులు సెలవు పెట్టింది. ఈ గొడవంతా ఆ పది రోజుల్లో పుట్టింది.

ఆస్పత్రి ఊడ్చి తుడిచే నలభై ఒక్కమంది, మూడేళ్ల ఆదివారాల పనికి రావలసిన అదనపు కూలి కోసం పద్నాలుగు నెలలు కొట్లాడారు. చివరికి యాజమాన్యం ఒప్పందం మీద సంతకం పెట్టింది. అయితే ఎనిమిదో పేజీలో ఒక వాక్యం ఇరికించింది: ఆ నెల చివరి పనిదినం సాయంత్రం నాలుగు లోపు సొమ్ము స్వీకరించనివారు హక్కు వదులుకున్నట్టే లెక్క. ఇలాంటి వాక్యాలు రాసేవారి జీతం మాత్రం ఏ నెలా ఒక్క రోజు ఆలస్యం కాదు.

నలభై మందికి డబ్బు చేరింది. ఒక్కరిది వెనక్కొచ్చింది. ఆ ఒక్కరూ మూడో అంతస్తు పెద్దమ్మ. పంతొమ్మిదేళ్లుగా ఆ అంతస్తు నేల ఆమెది. తడి గుడ్డ వేస్తుంటే పెద్ద డాక్టరైనా సరే కాళ్లు పైకెత్తాల్సిందే.

నెలాఖరు రోజు పొద్దున అక్కయ్య సెలవు ముగించుకుని వచ్చేసరికి, ఆర్నెల్ల జీతమంత ఆ సొమ్ము మూడోసారి తిరిగొచ్చి తాత్కాలిక ఖాతాలో కూర్చుని ఉంది. కొత్త మేనేజరు, వచ్చి ఆరు వారాలు కాలేదు, తెరను వేలితో పొడిచి చూపించాడు.

"చూడండి మేడమ్. కారణం తెలపలేదు, కారణం తెలపలేదు, కారణం తెలపలేదు. ఆ బ్యాంకుకి నోరు లేదు. నేను మళ్లీ పంపా, మళ్లీ పంపా."

"ఎందుకొచ్చిందో తెలుసుకోకుండానే పంపారా సార్?"

"కారణమే లేదని చెప్తుంటే ఏం తెలుసుకోను?"

అక్కయ్య ఆ గడి పక్క గీతను మౌస్‌తో పట్టుకుని కుడివైపుకి లాగింది. ఇరుకు గడిలో దాక్కున్న మిగతా సగం బయటపడింది: కారణం తెలపలేదు, ఖాతాదారు కోరిక మేరకు.

"ఎమ్మెస్ 03 అయితే బ్యాంకే కారణం చెప్పకుండా తిప్పింది అని అర్థం సార్. అప్పుడు బ్యాంకుని అడగాలి. ఇది ఎమ్మెస్ 02. బ్యాంకు తప్పేం లేదు, డబ్బు తీసుకోవాల్సిన మనిషే వద్దంది. మీరు పంపినప్పుడల్లా పెద్దమ్మ పనిగట్టుకుని తిప్పికొట్టింది."

మేనేజరు ముఖంలో వెలుగొచ్చింది. అది చూసి అక్కయ్య నాలిక కరుచుకుంది, కానీ ఆలస్యమైపోయింది.

"అంటే ఆమే వద్దందా? ఒకసారి కాదు, మూడుసార్లు! ఇంకేం మేడమ్, ఎనిమిదో పేజీ! హక్కు వదులుకున్నట్టే!" అంటూ ఉత్తరం టైపు చేయడానికి కూర్చున్నాడు. "సరిగ్గా చదివారు. థాంక్స్."

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక కోడ్‌ని సరిగ్గా చదివినందుకు ఆమె తనని తాను తిట్టుకోవడం అదే మొదటిసారి.

"సార్, ఎవరు తిప్పారో చెబుతుంది కోడ్. ఎందుకు తిప్పారో చెప్పదు. 'నాకొద్దు' అనడం వేరు, 'ఇది నాది కాదు' అనడం వేరు. నాలుగింటి దాకా ఆగండి."

"నాలుగు దాటితే నేను ఆగినా ఒప్పందం ఆగదు."

అక్కయ్య లిఫ్టు కోసం చూడలేదు. మోకాళ్లను తిట్టుకుంటూ మెట్లెక్కింది. మూడో అంతస్తు నడవా చివర పెద్దమ్మ బకెట్‌లో గుడ్డ పిండుతోంది.

"ఆగు, ఆగు! అక్కడ తడి. అక్కణ్ణుంచే చెప్పు."

అక్కయ్య తడి అంచున నిలబడి అడిగింది. "పెద్దమ్మా, నీ బకాయి డబ్బు ఎందుకు తిప్పి పంపుతున్నావే తల్లీ?"

"బకాయా? ఎక్కడిదీ బకాయి? నేనే నిన్నడుగుదామనుకుంటున్నా. అందర్నీ వచ్చిందా వచ్చిందా అనడిగితే గోడకేసి చూస్తున్నారు. నాకు మాత్రం పైసా రాలేదు. పైగా ఎవడో దొంగ నా ఖాతా మీద కన్నేశాడు."

"దొంగ డబ్బు పట్టుకుపోతాడు గానీ వేస్తాడా?"

"నీకు లోకం తెలీదమ్మాయ్! మా పక్కింటామెకి ఇలాగే ఎవరో డబ్బేశారు. 'పొరపాటున పడింది, తిరిగి పంపండి' అని ఫోను చేసి, ఉన్నదంతా ఊడ్చుకుపోయారు. బ్యాంకు గోడ మీద పెద్ద బొమ్మేసి రాశారు: తెలియని డబ్బు ముట్టుకోవద్దు, వచ్చి చెప్పండి అని. వెళ్లి చెప్పా. వేలిముద్ర వేసి, వెనక్కి కొట్టమన్నా. నాలుగు రోజులకి మళ్లీ వేశాడు వెధవ! మళ్లీ వెళ్లా. మూడోసారి కోడల్ని కూడా తీసుకెళ్లి, కౌంటరు దగ్గర నిలబడి, ఆ దొంగ సచ్చినోడి వంశం మొత్తానికి తలంటి వచ్చా."

ఆ దొంగ సచ్చినోడు సెల్లారులో ఏసీ కింద కూర్చుని ఉత్తరం టైపు చేస్తున్నాడని అక్కయ్య చెప్పలేదు. "పంపినవాళ్ల పేరేమని ఉంది?" అంది.

"ఏదో హోల్డింగ్సట. మన ఆస్పత్రి పేరు లేదు, బకాయి అని లేదు."

అప్పుడు అక్కయ్యకు అర్థమైంది. యజమానులకున్న ఇంకో కంపెనీ ఖాతాలోంచి అందరికీ పంపేశాడు మేనేజరు. వివరం రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశాడు. ఎవరికి ఎంత వస్తుందో ఒక్క చీటీ ఇవ్వలేదు. మిగతా నలభై మంది ఎక్కడి నుంచో పొరపాటున పడిందనుకుని, అదృష్టమని నోరు మూసుకుని కూర్చున్నారు. నిజాయితీ ఉన్న ఒక్క మనిషే హక్కు పోగొట్టుకునే జాబితాలో చేరింది.

"అది నీ డబ్బే పెద్దమ్మా. ఆస్పత్రిదే."

పెద్దమ్మ గుడ్డ పిండడం ఆపి ఆమెను ఎగాదిగా చూసింది. "అంత డబ్బా? మన ఆస్పత్రా? పద్నాలుగు నెలలు గేటు ముందు కూర్చోబెట్టినవాళ్లు, ముందుగా చెప్పకుండా అంత ఇచ్చారంటే ఎవడైనా నమ్ముతాడా? సగం ఇచ్చుంటే నమ్మేదాన్ని!"

మూడు గంటలకు ఇద్దరూ సెల్లారులో ఉన్నారు. మేనేజరు ఉత్తరం ముద్రించి కలం మూత తీసి పెట్టుకున్నాడు. అక్కయ్య ఆ కాగితం పక్కన, వివరం గడి ఖాళీగా ఉన్న చెల్లింపు నకలు పెట్టింది.

"సార్, ఈమె వద్దన్నది దొంగ డబ్బుని. బకాయి అని చెప్పి మీరు ఇంతవరకు ఇవ్వనేలేదు. ఇవ్వనిదాన్ని తిరస్కరించిందని రాస్తే, రేపు లేబర్ ఆఫీసులో మొదటి ప్రశ్న మీకే వస్తుంది. వివరం గడి ఎందుకు ఖాళీగా ఉందని."

మేనేజరు కలానికి మూత పెట్టాడు. "ఇప్పుడేం చేయమంటారు?"

"ఆస్పత్రి ఖాతాలోంచి పంపండి. వివరంలో 'ఆదివారాల బకాయి' అని రాయండి. లెక్క చీటీ మీద సంతకం పెట్టి ఆమె చేతికివ్వండి. నాలుగు దాటితే ఇవాళ్టి లెక్కలోకి వెళ్లదు."

"ముందు చీటీ" అంది పెద్దమ్మ. "చీటీ చూడకుండా వేస్తే మళ్లీ తిప్పుతా. దారి నాకు బాగా అలవాటైంది."

చీటీ వచ్చింది. పెద్దమ్మ కళ్లద్దాలు తుడుచుకుని చదివింది. మళ్లీ చదివింది. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది. గడియారం మూడూ ఇరవై అయిదు చూపిస్తోంది. మేనేజరు నుదురు తుడుచుకున్నాడు.

"ఆదివారాలు నూట నాలుగని రాశారు. ఏడాదికి ఎన్ని ఆదివారాలు బాబూ?"

"యాభై రెండు."

"మూడేళ్లకి?"

మేనేజరు క్యాలిక్యులేటరు నొక్కాడు. "నూట... యాభై ఆరు."

"నా యాభై రెండు ఆదివారాలు ఎవరు తుడిచారు? మీరా?"

అంత డబ్బు ఇస్తారని నమ్మక తిప్పి పంపిన మనిషికి, తీరా చూస్తే, మూడో వంతు తక్కువే వచ్చింది. అక్కయ్య పెదవులు బిగబట్టుకుంది గానీ నవ్వు ముక్కులోంచి వచ్చేసింది.

"ఇది కూడా తిప్పేస్తా!" అని లేచింది పెద్దమ్మ.

అక్కయ్య ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు పెద్దమ్మా! తిప్పితే ఎనిమిదో పేజీ మింగేస్తుంది. ఇది ఉంచుకుని మిగతాది అడుగు." చీటీ తీసుకుని అడుగున రాసింది: ఇది మొత్తంలో కొంత మాత్రమే, యాభై రెండు ఆదివారాలు మిగిలి ఉన్నాయి. మేనేజరు ముందుకి జరిపింది. "సంతకం సార్. మూడూ నలభై."

ఆయన సంతకం పెట్టాడు. మూడూ నలభై ఆరుకి సొమ్ము కదిలింది. పెద్దమ్మ సెల్లు మోగేదాకా ఆ గది వదల్లేదు. మోగాక పేరు చదివి, వివరం చదివి, తల ఊపి, వెళ్తూ గుమ్మం దగ్గర మట్టి చూసి మేనేజరుని చూసింది. ఆయన తనకు తెలియకుండానే కాళ్లు ఎత్తాడు.

సోమవారం పొద్దున అక్కయ్య వాపసుల జాబితా తెరిచింది. ఖాళీగా ఉంది. బయట మెట్ల మీద చప్పుడైతే తలెత్తి చూసింది. తమకూ లెక్క చీటీ కావాలంటూ నలభై మంది దిగుతున్నారు. అందరికంటే ముందు పెద్దమ్మ, వెనక్కి తిరిగి కేకలేస్తోంది.

"వరసలో రండి! సిగ్గుపడకండి, అది మీ డబ్బే! అబ్బాయ్, ఆ పక్కన తొక్కకు, ఇప్పుడే తుడిచారు."