రెండు మిరపకాయల్లో ఒకటి

మా కారం కంపెనీ పేరు మార్చడానికి అసలు కారణం నేను ప్రకటనలో రాయలేదు. తప్పు నాది కాబట్టే రాయలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక, గుంటూరులో నేనూ, నా మిత్రుడూ కలిసి నడిపిన కంపెనీ అది. మార్కెట్ యార్డులో మిర్చి కొనేది అతను. అమ్మకాలు, కాగితాలు నావి. పేరు రిజిస్టర్ చేయించమని అతను ఎన్నిసార్లు చెప్పినా రేపు, ఎల్లుండి అంటూ దాటేశాను. చివరికి కోయంబత్తూరులోని ఒక కంపెనీ నుంచి లాయరు నోటీసు వచ్చింది. మసాలా సరుకులకు ఆ పేరు వాళ్లు మాకన్నా ముందే వాడుకుంటూ, రిజిస్టర్ కూడా చేయించుకున్నారు. ఉన్న ప్యాకెట్లు అమ్ముకోవడానికి గడువిచ్చారు. తర్వాత పేరు మార్చక తప్పలేదు.

"ఉన్నదున్నట్టు రాయరా. జనం అర్థం చేసుకుంటారు," అన్నాడు అతను.

నాకు మనసొప్పలేదు. వెబ్‌సైటులో పెట్టే ప్రకటనలో "కొత్త యాజమాన్య దృక్పథంతో కొత్త పేరు" అని రాశాను. పాత లోగోలో జంట మిరపకాయలుండేవి. కొత్త దాంట్లో ఒక్కటే. అది స్వచ్ఛతకు గుర్తన్నాను. ఏవి మారలేదో కూడా రాశాను: అదే మిర్చి, తొడిమలు తీయించే అదే పద్ధతి, అదే మిల్లు, అదే లైసెన్సు. భాగస్వాములం మేమిద్దరమేనని రాయాలని తోచలేదు. ప్రింట్లు తీయించి డీలర్లకు పంచాను, యార్డులోనూ అంటించాను.

రెండు రోజులకే అతను యార్డు నుంచి ఖాళీ లారీతో వచ్చాడు.

"మిర్చి టిక్కీలు, ఒక్క బస్తా కూడా ఎత్తనివ్వలేదురా. నా మాట మీద అప్పుకు సరుకిచ్చే కమీషన్ వ్యాపారే 'భాయ్, నీ మిరపకాయ ఎగిరిపోయిందంటగా! కొత్త యజమానిని రమ్మను' అన్నాడు. అందరూ నవ్వారు."

"తమాషాకి అనుంటారులే."

"ఏరా, ఇన్నేళ్లుగా అక్కడ నాకున్నది మాటే. అది నీకు తమాషానా?"

ఆ మధ్యాహ్నమంతా ఆఫీసులో కుదురుగా కూర్చోలేకపోయాను. ఫ్యాను వేసి కట్టేశాను, ప్రకటన సరిదిద్దబోయి ఆపేశాను. కారణం రాయకుండా ఏం రాసినా కొత్త అనుమానమే పుడుతుంది. మిల్లులో మర్నాటికి సరుకు లేదు. అతను బయట లారీ పక్కనే నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు.

సాయంత్రం అతన్ని బండెక్కించుకుని యార్డుకు వెళ్లాను. వేలం ముగిసి వ్యాపారులు టీ తాగుతున్నారు. దారంతా మనసులో అనుకున్న మాటలేవీ నోటికి రాలేదు.

"ఈయన ఎక్కడికీ పోలేదండీ. సగం కంపెనీ ఈయనదే," అన్నాను. "పేరు రిజిస్టర్ చేయించమని చెబుతూనే ఉన్నాడు. నేనే చేయించలేదు. నోటీసొస్తే సిగ్గుపడి ఏదేదో రాశాను."

ఎవరో దగ్గారు. నేను అతని వైపు తిరిగాను.

"నా తప్పు దాచుకోబోయి నీ మాట పోగొట్టాను. క్షమించరా."