రోజుకూలీ అనుభవం

అమలాపురం బస్టాండు ఎదుట టైపింగ్ సెంటర్ నడిపే భవానీదేవి దగ్గరికి 1999లో రాజోలు వెల్డరు తాతారావు వచ్చాడు. కువైట్ కంపెనీ ఒకటి పైపు వెల్డర్లను అడుగుతోంది. మూడేళ్ల సైటు అనుభవం, దానికి సర్టిఫికెట్, పాస్‌పోర్టు ఉండాలి. ట్రేడ్ టెస్టు చెన్నైలో. నలభై దాటితే తీసుకోరు. తాతారావుకు ముప్పై తొమ్మిది.

ఆవిడ కంపెనీ అడిగిన అర్హతల జాబితానూ అతని బయోడేటానూ పక్కపక్కన పెట్టింది.

"ఎనిమిదేళ్లూ గేట్లూ గ్రిల్సేనా? పైపులెప్పుడైనా అతికేరా?"

"ఆయ్, అంతకుముందు గ్యాస్ లైన్లో మూడేళ్లు చేసేనండి. రోజుకూలీకి. అది ఉద్యోగం కాదు కదండీ, రాయలేదు."

"వాళ్లడిగేది అదేనండీ బాబూ! మరి ఈ ఆర్గాన్ వెల్డింగ్ ఎక్కడ నేర్చేరు?"

"ఎక్కడా లేదండి. జాబితాలో ఉందని పెట్టేను. వెళ్లేక అదే వచ్చేస్తాదండి."

"విమానం ఎక్కకముందే చేయించి చూస్తారు," అని ఆవిడ ఆ లైను కొట్టేసింది. జాబితాలో అది వస్తే మంచిదన్నారు గానీ తప్పనిసరి అనలేదు.

తాతారావు తాటిపాక వెళ్లి పాత కాంట్రాక్టరును పట్టుకున్నాడు. ఆయన కూలీల హాజరు మస్టర్లు తిరగేసి, తేదీలతో సహా లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు: పైపు వెల్డరుగా మూడేళ్ల రెండు నెలలు. భవానీదేవి దాన్నే బయోడేటాలో అన్నిటికన్నా పైన టైపు చేసింది.

చెన్నైలో ఏటవాలుగా బిగించిన పైపును తిప్పకుండా చుట్టూ అతకమన్నారు. గ్యాస్ లైను బురద గోతుల్లో పడుకుని అతికిన వాడికి అది కొత్త పని కాదు. అతుకును ఎక్స్‌రే తీస్తే లోపం కనిపించలేదు. ఆర్గాన్ వచ్చా అని అడిగారు. రాదన్నాడు. పరీక్ష పెట్టినాయన తలూపి, మెడికల్ పరీక్షకు వెళ్లమని చీటీ రాశాడు.