క్యారేజీకీ తాళానికీ మధ్య

చిలమత్తూరులో ఒంటి గదిలో ఉండే కదిరమ్మ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. తోడున్న చెల్లెలు పెళ్లై వెళ్లినప్పటి నుంచి ఏడు గంటల కంపెనీ బస్సు తరచూ తప్పిపోతోంది. పక్క మిషన్ మీద కుట్టే అంజలి, బస్సు వేళ నుంచి వెనక్కి లెక్కగట్టి కదిరమ్మ ఫోన్‌లో జాబితా పెట్టింది. ఐదుముక్కాలుకు లేవడం, ఆరుకు స్నానం, ఆరుంబావుకు టిఫిను, ఆరున్నరకు క్యారేజీ, ఆరూ నలభైకి తాళం. ఒక్కోదానికీ గంట మెల్లగా మోగుతుంది. పని అయ్యాక టిక్కు కొట్టాలి.

అయినా ఆ వారంలో మూడుసార్లు బస్సు పోయింది. అంజలి టిక్కులు పడిన వేళలు చూసింది.

"అక్కా, ఆరున్నరకే క్యారేజీ కట్టినావు. తాళం ఏడుకు ఏసినావు. అంతసేపు ఏం చేస్తాంటివి?"

కదిరమ్మ చెప్పింది: "చెల్లెలి మంచం మీద ఊరికే కూసుంటా. గంట ఇనిపిస్తాది గానీ లేయబుద్ధి కాదు."

అంజలి వద్దనలేదు. లేవడం నుంచి క్యారేజీ దాకా అన్నీ పావుగంట ముందే మోగేలా మార్చి, తాళానికి ముందు 'కూర్చోవడం, పావుగంట' అని చేర్చింది.

మరునాడు కదిరమ్మ ఆ మంచం మీద కూర్చుంది. ఈసారి తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు. గంట మోగగానే టిక్కు కొట్టి, తాళం వేసి బయల్దేరింది. బస్సు ఇంకా రాలేదు. స్టాపులో ఒక్కతే నిలబడింది.